అమ్మ పేరు మీద ఒకే కంపెనీ షేర్లు 1.5 కోట్లు: ట్యాక్స్ కట్టి అమ్మేయాలా, పుట్ కొని ఆగాలా?

మాధవి_గుంటూరు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాన్నగారు హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో పనిచేసేవారు. 90ల నుంచి ఆ కంపెనీ షేర్లే కొంటూ వచ్చారు, ఒక్కటి కూడా అమ్మలేదు. కంపెనీ పేరు చెప్పను. ఫ్యూచర్లు, ఆప్షన్లు ట్రేడ్ అయ్యే ఎఫ్ అండ్ ఓ లిస్టులో ఉన్నదే. నాన్నగారు పోయాక షేర్లన్నీ అమ్మ డీమ్యాట్‌లోకి మారాయి. మొత్తం 10,000 షేర్లు, ఇప్పుడు ధర 1,500 దగ్గర ఉంది.

అమ్మ రిటైర్డ్ టీచర్, వయసు 68. పెన్షన్, డిపాజిట్ల వడ్డీ, డివిడెండ్ అన్నీ కలిపి ఏడాదికి 9 లక్షలు వస్తాయి. షేర్లు కాక డిపాజిట్లు 50 లక్షలు, ఉంటున్న ఇల్లు ఉన్నాయి. అంటే చేతిలో ఉన్న డబ్బులో ముప్పావు వంతు ఒకే కంపెనీలో ఉంది.

అమ్మేద్దామని నేనంటున్నాను. మా ఆడిటర్ గారు లెక్కేసి, ఒకేసారి అమ్మితే 14.76 లక్షలు ట్యాక్స్ అన్నారు. అది వినగానే అమ్మ "మీ నాన్న కష్టం గవర్నమెంటుకి పోస్తావా" అని కూర్చుంది. బెంగళూరులో ఉన్న తమ్ముడేమో అమ్మొద్దు, పుట్ ఆప్షన్లు, అంటే ధర పడినా ముందే అనుకున్న ధరకు అమ్ముకునే హక్కు, కొని ఇన్సూరెన్స్ చేయిద్దాం అంటున్నాడు. ఎవరిది కరెక్ట్?

సుబ్బు_ఆప్షన్స్

మీ తమ్ముడు చెప్పిందే కరెక్ట్ అక్కా. అమ్మితే 14 లక్షలు ఖాయంగా పోతాయి. పుట్ కొంటే నెలకు కొంచెం ప్రీమియం, అంతే. ధర పడితే పుట్‌లో లాభం వస్తుంది, పెరిగితే షేర్లు మీ దగ్గరే ఉంటాయి. ట్యాక్స్ కట్టే పనే లేదు.

డాలస్_రవి

అసలు అమ్మకండి మాధవి గారూ. మా అమెరికాలో ఇలాంటివి పోయేదాకా ఉంచుతారు. వారసుల చేతికి వచ్చేటప్పుడు కొన్న ధర ఆ రోజు మార్కెట్ ధరకు మారిపోతుంది, అప్పటిదాకా పెరిగిన దాని మీద ట్యాక్స్ ఉండదు. నాకూ ఇదే సమస్య, జీతంతో పాటు మా కంపెనీ ఇచ్చిన ఆర్‌ఎస్‌యూ షేర్లే నా డబ్బులో 70 శాతం అయిపోయాయి. కొందరు పలువురి షేర్లు ఒకచోట కలిపే ఎక్స్చేంజ్ ఫండ్‌లో వేస్తున్నారు, ఏడేళ్లు అందులో ఉంచాలంట. ఎవరైనా ట్రై చేశారా?

లెక్కల_మాస్టారు

రవి గారూ, అమెరికా వరకు మీరు చెప్పింది నిజమే. ఇండియాలో ఆ సదుపాయం లేదు. ఇక్కడ వారసత్వంగా వస్తే పాత యజమాని కొన్న ధరే వారసుడి ధర. మాధవి గారి నాన్నగారి ధరే అమ్మగారికి వచ్చింది, రేపు పిల్లలకూ అదే వస్తుంది. ట్యాక్స్ ఎక్కడికీ పోదు, వాయిదా పడుతుంది, అంతే. మీ ఆర్‌ఎస్‌యూల సంగతి వేరే పోస్టు పెట్టండి, రెండు దేశాల రూల్స్ ఇక్కడ కలిస్తే చదివేవాళ్లు కంగారు పడతారు.

మాధవి గారూ, ముందు రెండు విషయాలు చెప్పండి. 2018 జనవరి 31న ఆ షేరు ధర ఎంత? ఆ తర్వాత బోనస్ గానీ స్ప్లిట్ గానీ జరిగిందా?

మాధవి_గుంటూరు

ఆ రోజు గరిష్ఠ ధర 1,000 సార్. బోనస్ 2018కి చాలా ముందే వచ్చింది, తర్వాత రాలేదు. 2019లో ఒక షేరు రెండయింది. అప్పటిదాకా 5,000 ఉన్నవి 10,000 అయ్యాయి.

లెక్కల_మాస్టారు

అయితే ఇప్పటి షేరుకు ఆ రోజు ధర 500 కింద లెక్క. మీ ఆడిటర్ గారు కూడా అలాగే వేశారు. నాన్నగారు ఎంతకు కొన్నా సరే, 2018 జనవరి 31 వరకు పెరిగినదాని మీద ట్యాక్స్ లేదు కాబట్టి షేరుకు లాభం 1,000. మొత్తం లాభం కోటి. అదే బోనస్ 2018 తర్వాత వచ్చి ఉంటే ఆ షేర్ల కొన్న ధర సున్నా అయ్యేది, లెక్క మొత్తం మారిపోయేది. అందుకే అడిగాను.

ఆ 14.76 లక్షలు ఎలా వచ్చిందో చూడండి. కోటి లాభంలో 1.25 లక్షలు మినహాయింపు. మిగతాదాని మీద 12.5 శాతం, అంటే 12.34 లక్షలు. లాభానికి అమ్మగారి 9 లక్షలు కలిస్తే ఆదాయం కోటి దాటింది, అందుకని ఆ ట్యాక్స్ మీద 15 శాతం సర్‌చార్జి. ఆపైన 4 శాతం సెస్. అంటే దాదాపు రెండు లక్షలు కేవలం "అంతా ఒకే ఏడాదిలో అమ్మడం" వల్ల పడుతోంది. అసలు 12.34 లక్షలు, దాని సెస్ మాత్రం ఎలా అమ్మినా ఎప్పుడో ఒకప్పుడు కట్టాల్సిందే, పూర్తిగా అమ్మదలిస్తే.

కాబట్టి అమ్మగారికి ఇలా చెప్పండి: డీమ్యాట్‌లో 1.5 కోట్లు కనబడుతున్నా మీది దాదాపు 1.37 కోట్లే. మిగతాది ప్రభుత్వానిది, మీ దగ్గర ఉంది, అంతే. అమ్మకపోతే ఆ డబ్బు మిగిలినట్టు కాదు.

కూకట్‌పల్లి_శ్రీను

ఇంత లెక్కలెందుకు సార్. అమ్మి ఆ డబ్బుతో ఫ్లాట్ కొంటే ట్యాక్స్ సున్నా. ఇన్‌కమ్ ట్యాక్స్ సెక్షన్ 54ఎఫ్. మా బావమరిది అలాగే చేశాడు. కోకాపేటలో కొంటే ఐదేళ్లలో డబుల్.

లెక్కల_మాస్టారు

శ్రీను గారూ, 54ఎఫ్ ఉన్న మాట నిజం. కానీ లాభం మాత్రమే పెడితే పూర్తి మినహాయింపు రాదు, షేర్లు అమ్మితే వచ్చిన మొత్తం డబ్బు ఇంట్లో పెట్టాలి. కొత్త ఇల్లు మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు వెనక్కి పోతుంది. 68 ఏళ్ల ఆవిడకు ఒకే కంపెనీ నుంచి బయటపడి ఒకే ఫ్లాట్‌లో ఇరుక్కోవడం ఏం మార్పు? ఆసుపత్రి ఖర్చు వస్తే బెడ్‌రూమ్ అమ్ముకోలేరు కదా. ఇంకో ఇల్లు ఎలాగూ కావాలనుకునే వాళ్లకైతే మంచి దారే.

కూకట్‌పల్లి_శ్రీను

అద్దె వస్తుంది కదా సార్. సరే మీ ఇష్టం.

పద్మజ_విజయవాడ

నేనొకటి అడగనా? కంపెనీ బాగానే ఉంది కదా. లాభాల్లో ఉంది, డివిడెండ్ ఇస్తోంది. బాగున్నదాన్ని ఎందుకు అమ్మాలి? బాగాలేదని తెలిసినప్పుడు అమ్ముకోవచ్చు కదా.

లెక్కల_మాస్టారు

అందరూ అనుకునేదే పద్మజ గారూ. కానీ బాగాలేదని తెలిసే రోజున అమ్ముకునే అవకాశం ఉంటుందన్న గ్యారంటీ లేదు.

మన హైదరాబాద్ కథే తీసుకోండి. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. ముందు రోజు 179 దగ్గర ఉన్న సత్యం షేరు ఆ రోజు 40 దగ్గర ముగిసింది. మధ్యలో ఆగి ఆలోచించుకునే టైమ్ ఎవరికీ దొరకలేదు. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. 2004 అక్టోబర్ నుంచి 2018 మార్చి దాకా లిస్టెడ్ షేర్ల మీద దీర్ఘకాల లాభానికి ట్యాక్సే లేదు. సత్యం షేర్లు కుప్పలుగా పెట్టుకున్న వాళ్లు 2008లో అమ్మి ఉంటే ఒక్క రూపాయి క్యాపిటల్ గెయిన్స్ కట్టనక్కర్లేదు. అయినా అమ్మలేదు. అందుకే "ట్యాక్స్ వల్ల అమ్మట్లేదు" అని ఎవరైనా అంటే నేను సగమే నమ్ముతాను. ట్యాక్స్ లేకపోయినా ఇంకో కారణం దొరికేది.

ఇంకో రకం ఉంది. 2020 మార్చిలో యెస్ బ్యాంక్‌ను గట్టెక్కించినప్పుడు, వంద షేర్ల కంటే ఎక్కువ ఉన్న వాళ్లకు అందులో 75 శాతాన్ని మూడేళ్లు లాక్ చేశారు. అమ్ముకుందామన్నా కుదరలేదు.

ఫార్మాలో అంత పెద్ద మోసం జరగనక్కర్లేదు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు ప్లాంట్ చూసి వెళ్లాక వార్నింగ్ లెటర్ వచ్చిందంటే చాలు, మర్నాడు పొద్దున షేరు కిందే ఓపెన్ అవుతుంది. ఆ లెటర్ మనకంటే ముందు ఎవరికి తెలుస్తుందో మనకు తెలియదు. మీ ప్రశ్నకు జవాబు ఏంటంటే, కంపెనీ చెడ్డదని అమ్మమనట్లేదు. మంచి కంపెనీ అయినా ఆమె డబ్బులో 75 శాతం ఉండకూడదు అంటున్నాను.

సుబ్బు_ఆప్షన్స్

అందుకే కదా సార్ పుట్ అన్నది. సత్యం షేరుకు పుట్ ఉన్నవాడు ఆ రోజు బయటపడేవాడు.

పోనీ ఖర్చు ఎక్కువనుకుంటే నిఫ్టీ పుట్ కొనండి, చవగ్గా వస్తుంది, వాల్యూమ్ బాగుంటుంది.

లెక్కల_మాస్టారు

నిఫ్టీ పుట్ మార్కెట్ మొత్తం పడితే పనిచేస్తుంది. మాధవి గారి భయం మార్కెట్ గురించి కాదు, ఒక కంపెనీ గురించి. సత్యం రోజు సెన్సెక్స్ 7 శాతం పడింది, అదే చాలా పెద్ద పతనం. షేరు పడింది 78 శాతం. ఆ రెండిటి మధ్య తేడాకు నిఫ్టీ పుట్ ఏ పరిహారమూ ఇవ్వదు. ఎఫ్‌డీఏ లెటర్ వచ్చిన రోజు నిఫ్టీ పెరిగే అవకాశం కూడా ఉంది.

ఇక ఆ షేరు మీదే పుట్ సంగతి. మాధవి గారూ, మీ స్క్రీన్ మీద 1,420 స్ట్రైక్ పుట్ ధరలు చూసి చెప్పగలరా? ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మూడూ.

మాధవి_గుంటూరు

తమ్ముణ్ణి అడిగి చూశాను సార్. లాట్ 500 షేర్లు. ఫిబ్రవరి నెలాఖరుది 18 రూపాయలు. మార్చిది 30. ఏప్రిల్‌ది కొనేవాళ్లు 26 అంటున్నారు, అమ్మేవాళ్లు 44 అంటున్నారు, మధ్యలో ఏమీ లేదు.

లెక్కల_మాస్టారు

థాంక్స్. ఇప్పుడు లెక్క మీరే చూడండి.

1,420 పుట్ అంటే 1,500 నుంచి 1,420 దాకా పడే 80 రూపాయల నష్టం మీదే. ఆ కింద పడితేనే పుట్ ఆదుకుంటుంది. దానికి నెలకు 18 రూపాయలు. 10,000 షేర్లకు నెలకు 1.8 లక్షలు. ప్రతి నెలా ఇలా కొంటూ పోతే ఏడాదికి 21 లక్షల పైమాట. ఏ ట్యాక్స్‌కి భయపడి అమ్మట్లేదో ఆ ట్యాక్స్ మొత్తం 14.76 లక్షలే. పైగా ఏడాది తర్వాత కూడా ఆ ట్యాక్స్ అలాగే ఉంటుంది, మళ్లీ ఇన్సూరెన్స్ కట్టాలి. మధ్యలో ఏదో నెలలో షేరు పడి పుట్ డబ్బులిస్తే కొంత వెనక్కి వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని నమ్ముకుని నెలకు రెండు లక్షలు కట్టడం పెన్షనర్‌కు పనికొచ్చే పని కాదు.

సుబ్బూ, నువ్వు నెలకు "కొంచెం ప్రీమియం" అన్నావు. ఒక నెలకు కొంచెమే. పుట్‌కు అర్థం ఉండేది తక్కువ రోజులకు, ఫలానా తేదీ దాటాలి అన్నప్పుడు. ఊరికే పట్టుకుని కూర్చోవడానికి కాదు.

సుబ్బు_ఆప్షన్స్

కాలర్ వేయొచ్చు కదా సార్. 1,600కి షేరు కొనే హక్కు, అంటే 1,600 కాల్, ఇంకొకరికి అమ్మితే ఆ డబ్బుతో పుట్ ఫ్రీగా వచ్చేస్తుంది. షేర్లు ప్లెడ్జ్, అంటే తాకట్టు, పెడితే దానికి కట్టాల్సిన మార్జిన్ కూడా వస్తుంది. నేను చాలామందికి చేయించాను.

లెక్కల_మాస్టారు

వేయొచ్చు. ఖర్చు తగ్గుతుంది. కానీ నీ లాంటి రోజూ స్క్రీన్ ముందుండే వాడు వేయడం వేరు, గుంటూరులో 68 ఏళ్ల టీచర్ అకౌంట్‌లో వేయడం వేరు. మూడు చిక్కులు చెప్తాను.

కాల్ అమ్మడానికి షేర్లు ప్లెడ్జ్ పెట్టినా మార్జిన్‌లో సగం నగదు రూపంలో ఉండాలి. షేరు పెరిగితే మార్జిన్ ఇంకా అడుగుతారు.

రెండోది, స్టాక్ ఆప్షన్లు 2019 నుంచి పూర్తిగా డెలివరీతో సెటిల్ అవుతున్నాయి. ఎక్స్‌పైరీ రోజు షేరు 1,350లో ఉండి మీ 1,420 పుట్‌ని అలాగే వదిలేస్తే డబ్బు రాదు, మీ షేర్లే 1,420కి వెళ్లిపోతాయి. షేర్లు ప్లెడ్జ్‌లో ఉండి సమయానికి విడిపించకపోతే అదో గొడవ. ఎక్స్‌పైరీకి నాలుగు రోజుల ముందు నుంచే డెలివరీ మార్జిన్ పెంచుకుంటూ వస్తారు, బ్రోకర్ నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. అందుకే లాభంలో ఉన్న పుట్‌ని ముందే అమ్మేసుకోవాలి.

మూడోది చాలామందికి తట్టదు. ఎఫ్ అండ్ ఓ ఆదాయం వ్యాపార ఆదాయం. షేర్ల లాభానికి 12.5 శాతం అయితే పుట్ లాభం మామూలు స్లాబ్‌లోకి వెళ్తుంది, ఐటీఆర్-3 ఫారంలో రిటర్న్ వేయాలి. అంతకంటే ముఖ్యం, వ్యాపార ఆదాయం లేని 60 దాటిన వాళ్లకు అడ్వాన్స్ ట్యాక్స్ బాధ్యత లేదు. అమ్మగారు షేర్లు మాత్రమే అమ్మితే రిటర్న్ వేసేటప్పుడు ట్యాక్స్ కట్టుకోవచ్చు, వడ్డీ పడదు. ఒక్క పుట్ కొన్నా ఆ సౌకర్యం పోయినట్టే లెక్క.

సుబ్బు_ఆప్షన్స్

అడ్వాన్స్ ట్యాక్స్ సంగతి నిజంగా గమనించలేదు సార్. కానీ పుట్ నష్టాన్ని షేర్ల లాభంలో సర్దుకోవచ్చు కదా, అది కూడా చెప్పండి.

లెక్కల_మాస్టారు

సర్దుకోవచ్చు, అదే ఏడాదిలో. జీతం, పెన్షన్‌తో కుదరదు గానీ క్యాపిటల్ గెయిన్స్‌తో కుదురుతుంది. అంటే వంద రూపాయల ప్రీమియం పోతే ఓ పన్నెండున్నర వెనక్కి వస్తుంది. మిగతా 87 పోయినవే.

మాధవి_గుంటూరు

అయితే ఏం చేయమంటారు సార్? అమ్మ పూర్తిగా అమ్మడానికి అస్సలు ఒప్పుకోదు.

లెక్కల_మాస్టారు

పూర్తిగా అమ్మక్కర్లేదు. నేనైతే ఇలా చేస్తాను.

సర్‌చార్జి 50 లక్షల ఆదాయం దాటితే 10 శాతంతో మొదలవుతుంది. అమ్మగారికి 9 లక్షలు ఎలాగూ ఉన్నాయి. కాబట్టి ఒక ఆర్థిక సంవత్సరంలో 41 లక్షల లోపు లాభం వచ్చేలా అమ్మితే సర్‌చార్జి లేదు. షేరుకు లాభం 1,000 కాబట్టి దాదాపు 4,000 షేర్లు. ధర నాలుగు రూపాయలు పెరిగినా గీత దాటకుండా 3,800 అనుకుందాం.

ఇప్పుడు ఫిబ్రవరిలో ఉన్నాం. 3,800 ఇప్పుడు, ఇంకో 3,800 ఏప్రిల్ మొదటి వారంలో. రెండు నెలల్లో రెండు ఆర్థిక సంవత్సరాలు వాడుకున్నట్టు. ఒక్కో దాని మీద ట్యాక్స్ 4.78 లక్షలు, రెండూ కలిపి 9.56 లక్షలు. అమ్మిన విలువ 1.14 కోట్లు. నికరంగా కోటీ నాలుగు లక్షల పైన చేతికొస్తుంది. 2,400 షేర్లు నాన్నగారి గుర్తుగా మిగులుతాయి, అవి మొత్తం డబ్బులో 19 శాతం దగ్గర ఉంటాయి. నాకు ఇది కూడా కాస్త ఎక్కువే గానీ, ఆ కంపెనీ మొత్తం మునిగినా అమ్మగారి జీవితం ఆగదు.

అనిత_ఖాతాలు

మాస్టారూ, మీ లెక్కలో ఒకటి వదిలేశారు. కొత్త పద్ధతిలో 9 లక్షల ఆదాయానికి రిబేటు వల్ల ఇప్పుడు ఆవిడ ట్యాక్స్ సున్నా. షేర్ల లాభం కలిసి 12 లక్షలు దాటితే ఆ రిబేటు పోతుంది, సెస్‌తో 31 వేలు కట్టాలి. రెండు ఏళ్లలో అమ్మితే రెండుసార్లు పోతుంది. ముక్కలు చేయడం వల్ల మిగిలేదాంట్లోంచి అది తీసేయాలి.

లెక్కల_మాస్టారు

మంచి పాయింటు అనిత గారూ. అయితే కోటి రూపాయలు డిపాజిట్‌లో వేస్తే వచ్చే ఏడాది వడ్డీతోనే ఆవిడ ఆదాయం 12 లక్షలు దాటొచ్చు. అప్పుడు రిబేటు ఎలాగూ ఉండదు.

అనిత_ఖాతాలు

డబ్బు ఎక్కడ పెడతారన్న దాన్ని బట్టి. మ్యూచువల్ ఫండ్‌లో పెడితే అమ్మేదాకా ఆదాయమే లేదు. సరే, అది తేలేది కాదు ఇక్కడ.

కిషోర్_వైజాగ్

నాదో డౌట్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రెండో సగం ఊరికే ఉంటుంది కదా. ఆ రెండు నెలల్లో ఎఫ్‌డీఏ లెటర్ వస్తే? అక్కడ పుట్ కొనొచ్చా?

లెక్కల_మాస్టారు

ఈ థ్రెడ్‌లో అసలు ప్రశ్న ఇదే కిషోర్.

7,600 మొత్తం ఇప్పుడే అమ్మితే లాభం 76 లక్షలు. 10 శాతం సర్‌చార్జి పడి ట్యాక్స్ 10.69 లక్షలు అవుతుంది. రెండు ముక్కలైతే 9.56. అంటే ఏప్రిల్ దాకా ఆగినందుకు మిగిలేది 1.13 లక్షలు. ఆగుతున్న 3,800 షేర్లకు పంచితే షేరుకు 30 రూపాయలు. అనిత గారి రిబేటు తీసేస్తే 22 రూపాయలు.

మార్చి పుట్ ధర ఎంత? 30 రూపాయలు. అంటే ట్యాక్స్ మిగుల్చుకోవడానికి ఆగి, ఆ మిగిలింది తీసుకెళ్లి పుట్‌కు పోస్తున్నాం. పైగా మార్చి పుట్ మార్చి చివరి మంగళవారంతోనే అయిపోతుంది, ఏప్రిల్ 1 దాకా కవర్ కాదు. మర్చిపోయి డెలివరీకి వదిలేశారనుకో, షేర్లు మార్చిలోనే అమ్ముడైనట్టు. ఏ సంవత్సరం మార్చుదామని ఆగారో అదే సంవత్సరంలో పడి సర్‌చార్జి కూడా వస్తుంది. ఏప్రిల్ పుట్‌కేమో 26కి 44కి మధ్య అంత ఖాళీ ఉంది.

కాబట్టి రెండే దారులు. 30 రూపాయల కోసం రెండు నెలలు రిస్క్ తీసుకోవడం, లేదా 30 వదులుకుని మొత్తం ఇప్పుడే అమ్మడం. 1,500 షేరుకు 30 అంటే 2 శాతం. ఏ వార్తా లేకుండా మామూలు రోజున కూడా ఆ షేరు అంత కదులుతుంది. క్వార్టర్ రిజల్ట్స్ ఇప్పుడే అయిపోయాయి, తర్వాతివి మే నెలలో. అందుకని నేను ఆగుతాను. కానీ ప్లాంట్ తనిఖీ నడుస్తోందని తెలిస్తే మాత్రం ఆ 30 మర్చిపోయి అమ్మేస్తాను.

సుబ్బు_ఆప్షన్స్

ఆగితే పెరగొచ్చు కూడా కదా సార్. మీరు పడే వైపే చూస్తున్నారు.

లెక్కల_మాస్టారు

పెరిగితే మిగతా 2,400 షేర్లు ఉన్నాయి కదా సుబ్బూ. పెరుగుతుందని నమ్మితే దానికి అవి చాలు.

డాలస్_రవి

ఒక చిన్న ఐడియా. షేర్లు సగం మాధవి గారికి, తమ్ముడికి గిఫ్ట్ ఇచ్చేస్తే? ఎవరి 50 లక్షల లిమిట్ వాళ్లదే కదా. ముగ్గురూ ఒకే రోజు అమ్ముకోవచ్చు, ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు.

అనిత_ఖాతాలు

ఈసారి మీరు చెప్పింది ఇండియాకీ సరిపోతుంది రవి గారూ. మేజర్లయిన పిల్లలకు ఇచ్చిన గిఫ్ట్ మీద ట్యాక్స్ లేదు, ఆ లాభం తల్లి ఆదాయంలో కలపరు. భార్యకో భర్తకో, మైనర్ పిల్లలకో ఇస్తే కలుపుతారు. కొన్న ధర, ఎన్నాళ్లుగా ఉన్నాయన్నది పాతవే కొనసాగుతాయి. ఒక గిఫ్ట్ డీడ్ రాసుకుని ఆఫ్ మార్కెట్ ట్రాన్స్‌ఫర్ చేస్తే చాలు. కాకపోతే పిల్లల జీతాలు ఎంతో చూడాలి. తమ్ముడి జీతమే 45 లక్షలుంటే ఆయన దగ్గర ఖాళీ ఐదు లక్షలే.

పద్మజ_విజయవాడ

క్షమించండి, నేను మళ్లీ వస్తున్నాను. లక్ష రూపాయల సర్‌చార్జి కోసం ఆవిడ పేరు మీదున్న షేర్లు పిల్లల పేరు మీదకు మార్చడమేంటి? రేపు తమ్ముడికి ఇల్లు కట్టుకునే పని పడితే ఆ డబ్బు తిరిగి వస్తుందా? మాధవి గారూ, మీ గురించి కాదు, మా చుట్టాల్లో జరిగింది కాబట్టి చెప్తున్నా. ఇచ్చేటప్పుడు అందరూ నీదేనమ్మా అంటారు. తర్వాత మందులకు డబ్బు అడగాల్సి వచ్చినప్పుడు ఆవిడే మొహమాటపడాలి.

మాధవి_గుంటూరు

పద్మజ గారూ, మీరన్నది నిజమే. నేనూ అది వద్దనే అనుకుంటున్నా. అమ్మ డబ్బు అమ్మ పేరు మీదే ఉండాలి. తమ్ముడికి చెప్తే ఏమంటాడో చూడాలి.

కూకట్‌పల్లి_శ్రీను

షేర్ల మీద లోన్ తీసుకుంటే? అమ్మక్కర్లేదు, ట్యాక్స్ లేదు, ఆ డబ్బు వేరే చోట పెట్టుకోవచ్చు.

లెక్కల_మాస్టారు

విలువలో సగం దాకా ఇస్తారు శ్రీను గారూ. కానీ షేరు పడితే నష్టం పూర్తిగా మీదే, పైన లోన్ అలాగే ఉంటుంది. మార్జిన్ తగ్గిందని బ్యాంకు ఫోన్ చేస్తుంది, కట్టకపోతే కింద ధరలో వాళ్లే అమ్మేస్తారు. ఆ అమ్మకం మీద ట్యాక్స్ కూడా మీరే కట్టాలి. అత్యవసరానికి పది రోజులకు తీసుకోవచ్చు గానీ, ఈ సమస్యకు అది మందు కాదు.

మాధవి_గుంటూరు

అమ్మతో కూర్చుని మాట్లాడాను. 14.76 అన్నప్పుడు ససేమిరా అంది. 2,400 షేర్లు ఉంచేస్తున్నాం, ఇప్పుడు కట్టేది 4.78 లక్షలే, అదీ రిటర్న్ వేసేటప్పుడు అంటే కొంచెం మెత్తబడింది. మొదటి 3,800కి సరే అంది. ఏప్రిల్ సంగతి ఏప్రిల్‌లో చూద్దాం అంటోంది. తమ్ముడు మాత్రం ఇంకా పుట్ అనే అంటున్నాడు.

ఒక సందేహం. ఏప్రిల్ విడత ఆలస్యం చేయకుండా మార్చి 31నే అమ్మితే డబ్బు ఏప్రిల్ 1న వస్తుంది కదా. అది కొత్త సంవత్సరం కింద వస్తుందా?

అనిత_ఖాతాలు

రాదండి. డబ్బు వచ్చిన రోజు కాదు, కాంట్రాక్ట్ నోట్ మీదున్న తేదీ లెక్క. మార్చి 31న అమ్మితే ఈ ఏడాదిలోనే పడుతుంది. ఏప్రిల్‌లో మార్కెట్ తెరిచిన మొదటి రోజు దాకా ఆగండి.

ఇంకోటి, అమ్మగారి అకౌంట్ పాతదే అయ్యుంటుంది. అమ్మే ముందు డెబిట్‌కు అనుమతి ఎలా ఇవ్వాలో బ్రోకర్‌ని ఇప్పుడే కనుక్కోండి. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఇంకా నాన్నగారిదే ఉందేమో చూడండి. చాలా ఇళ్లల్లో అమ్మే రోజున తెలిసేది ఇదే.

మాధవి_గుంటూరు

అయ్యో, నిజంగానే నాన్న నంబరే ఉంది అనిత గారూ! రేపే వెళ్లి మార్పిస్తాం.

సుబ్బు_ఆప్షన్స్

ఏప్రిల్‌లో ధర ఎంతుందో ఇక్కడ పెట్టండి అక్కా. 1,600 ఉంటే మాస్టారు నాకు ఫిల్టర్ కాఫీ ఇప్పించాలి.

లెక్కల_మాస్టారు

ఇప్పిస్తాను. కానీ 1,600 ఉంటే షేరుకు లాభం 1,100 అవుతుంది, 3,800 అమ్మితే 41.8 లక్షలు, 9 కలిపితే 50 దాటుతుంది. కాబట్టి మాధవి గారూ, అమ్మే రోజు ధర చూసి సంఖ్య మళ్లీ లెక్కేసుకోండి. 1,600 దగ్గర 3,600 సరిపోతుంది. డిపాజిట్ల వడ్డీ కొత్తగా ఎంత వస్తుందో అది కూడా ఆ 9 లక్షలకు కలపాలి, లేకపోతే వచ్చే మార్చిలో లెక్క తప్పుతుంది.